పాల కేంద్రంలో కొత్త హెల్పర్‌కి బీఎంసీ క్లీనింగ్ ఎస్‌ఓపీ ఎలా రాయాలి? నా డ్రాఫ్ట్ చూసి చెప్పండి

పాలకేంద్రం_పలమనేరు:
అందరికీ నమస్కారం. మాది 5000 లీటర్ల బల్క్ మిల్క్ కూలర్, అంటే బీఎంసీ ఉన్న కేంద్రం. మూతపడే రకం ట్యాంక్, లోపల స్ప్రే బాల్ ఉంది, ట్యాంక్ విప్పకుండా లోపలే కడిగే సీఐపీ పంపు విడిగా ఉంది. మా పాత హెల్పర్ మానేశాడు, సోమవారం నుంచి కొత్త కుర్రాడు వస్తున్నాడు. పది వరకు చదివాడు, తెలుగు బాగా చదువుతాడు, ఇంతకుముందు కోళ్ళఫారంలో చేశాడు. ఇన్నాళ్ళూ ట్యాంక్ క్లీనింగ్ నోటి మాటగానే నడిచింది. ఈసారి కాగితం మీద పెట్టి గోడకి అంటించాలని కూర్చున్నాను. ఇదీ నేను రాసింది:

1. ట్యాంకర్‌కి పాలు లోడ్ అయిన పిదప ట్యాంక్ ఖాళీ అయినదో లేదో చూడవలెను.
2. ట్యాంక్‌ను నీటితో శుభ్రముగా కడగవలెను.
3. తగినంత కాస్టిక్ సోడా వేడి నీటిలో కలిపి 10 నిమిషములు తిప్పి తరువాత బాగా కడగవలెను.
4. వారమునకు ఒకసారి యాసిడ్ వాష్ చేయవలెను.
5. పాలు పోయు ముందు హైపోతో శుభ్రము చేయవలెను.
6. రిజిస్టర్‌లో సంతకము చేయవలెను.
గమనిక: కెమికల్స్‌తో జాగ్రత్తగా ఉండవలెను. కరెంటు ఆపి పని చేయవలెను.

ఇంకేం కలపాలి? హెచ్చరికలు ఇంకా ఎక్కువ పెట్టాలా? ఎవరి పని ఏమిటో కూడా రాయాలంటున్నారు, అది ఎలా రాయాలి?

గడ్డిమోపు:
బ్రదర్, కొత్తవాడికి ముందు లాక్టోమీటర్ పట్టుకోవడం, ఫ్యాట్ తీయడం నేర్పించండి. మా దగ్గర రైతులతో గొడవలన్నీ అక్కడే. ఫ్యాట్ మెషిన్‌లో శాంపిల్ కలపకుండా పెడతారు, రీడింగ్ తక్కువ వస్తుంది, రైతు కోపం మీద క్యాన్ ఎత్తుకుని వేరే కేంద్రానికి పోతాడు.

పాలకేంద్రం_పలమనేరు:
@గడ్డిమోపు టెస్టింగ్ మా ఆపరేటర్ చూసుకుంటాడన్నా. ఈ అబ్బాయి పని ట్యాంక్, క్యాన్లు, ఫ్లోర్. అడుగుతున్నది క్లీనింగ్ కాగితం గురించి.

క్యూసీ_ఒంగోలు:
పలమనేరు గారూ, ఇరవై ఏళ్ళుగా డెయిరీ క్వాలిటీలో ఉన్నాను కాబట్టి కాస్త వివరంగానే చెప్తాను. మీ కాగితం పని తెలిసినవాడికి గుర్తు చేయడానికి సరిపోతుంది. తెలియనివాడు దాన్ని పట్టుకుని పని చేయలేడు. అన్నీ ఒకేసారి కాకుండా మీ 3వ అంచె ఒక్కటే తీసుకుందాం, మిగతావి దాన్నిబట్టి మీరే దిద్దుకోవచ్చు.

"తగినంత కాస్టిక్ సోడా వేడి నీటిలో కలిపి 10 నిమిషములు తిప్పి తరువాత బాగా కడగవలెను." ఆ అబ్బాయిలా ఆలోచించండి. తగినంత అంటే ఎంత? మీ దగ్గర మొదటివాడు రెండు గుప్పిళ్ళు వేస్తాడు, రెండోవాడు డబ్బా మూతతో కొలుస్తాడు. వేడి అంటే ఎంత వేడి, ఎక్కడ చూడాలి? పది నిమిషాలు ఎప్పటి నుంచి లెక్క? అన్నిటికంటే ముఖ్యం, "బాగా కడగడం" అయిపోయిందని వాడికి ఎలా తెలుస్తుంది? నీళ్ళు తేటగా కనిపిస్తే ఆపేస్తాడు. కాస్టిక్ నీళ్ళు కూడా తేటగానే ఉంటాయి.

ఇంకొకటి. "వేడి నీటిలో కలిపి" అన్న మాట ప్రమాదకరం. కాస్టిక్ రేకులు నీళ్ళలో కరిగేటప్పుడు వాటంతట అవే బాగా వేడి పుట్టిస్తాయి. అప్పటికే వేడిగా ఉన్న నీళ్ళలో ఒక్కసారిగా వేస్తే బుసబుసమని పైకి ఎగిరి మొహం మీద పడుతుంది. మీ కాగితంలో ఉన్నది ఉన్నట్టు చేసే మంచి కుర్రాడైతే వాడి కళ్ళకే ముప్పు.

నేనైతే ఆ ఒక్క వాక్యాన్ని ఇలా విడగొడతాను. సీఐపీ ట్యాంక్‌లో 100 లీటర్ల నీళ్ళు అనుకుని, 1 శాతం ద్రావణానికి లెక్క వేస్తున్నాను. మీ ట్యాంక్ సైజు, మీ కంపెనీ చెప్పిన శాతం బట్టి మార్చుకోండి.

⚠ కాస్టిక్ డబ్బా మూత తీసే ముందు: కళ్ళద్దాలు, పొడవు గ్లోవ్స్, బూట్లు వేసుకోండి. పక్కన కుళాయిలో నీళ్ళు వస్తున్నాయో తిప్పి చూడండి. నీళ్ళు రాకపోతే డబ్బా తెరవకండి.
క) ప్లాస్టిక్ బకెట్‌లో 10 లీటర్ల చల్లటి నీళ్ళు పట్టండి.
ఖ) 1 కిలో కాస్టిక్ తూచండి. కొంచెం కొంచెంగా నీళ్ళలో వేస్తూ కర్రతో కలపండి. నీళ్ళు కాస్టిక్ మీద పోయకండి.
గ) సీఐపీ ట్యాంక్‌లో 90 లీటర్ల నీళ్ళు ఉన్నాయో గీత చూసి, బకెట్‌లోది నిదానంగా పోయండి.
ఘ) హీటర్ వేయండి. పంపు ఆన్ చేయండి.
చ) తిరిగి వచ్చే పైపు దగ్గర థర్మామీటర్ 65 చూపించాక టైమ్ రాసుకోండి. అప్పటి నుంచి 10 నిమిషాలు.

తిరిగి వచ్చే పైపు దగ్గరే ఎందుకంటే, హీటర్ దగ్గర 75 ఉన్నా ఇంత పెద్ద స్టీలు ట్యాంక్ చల్లగా ఉంటే లోపలికి వెళ్ళేసరికి 50కి పడిపోతుంది. కొవ్వు వదలదు. గోడకి వేలు రాస్తే జిడ్డు తగులుతుంది.

హెచ్చరిక ఎక్కడ ఉందో గమనించారా? ప్రమాదం ఉన్న అంచెకి ముందు. మీరు అన్నీ కలిపి చివర "గమనిక"లో పెట్టారు. అక్కడిదాకా చదివేసరికి వాడు డబ్బా మూత తీసేసి ఉంటాడు.

స్టీమ్_భీమవరం:
ఇన్ని కెమికల్స్ ఎందుకండీ. మా నాన్నగారి కాలంలో క్యాన్లకి మరిగే నీళ్ళు కొట్టేవారు, ఒక్క క్యాన్ పాడయ్యేది కాదు. మొదటి అంచెలోనే సలసల కాగే నీళ్ళు పోయించండి. క్రిములూ చస్తాయి, కొవ్వూ కరుగుతుంది. ఎస్‌ఓపీ రెండు లైన్లలో అయిపోతుంది.

క్యూసీ_ఒంగోలు:
భీమవరం గారూ, క్రిముల విషయంలో మీ మాట నిజమే. శుభ్రమైన క్యాన్‌కి చివర్లో మరిగే నీళ్ళో ఆవిరో పెట్టడం మంచి పద్ధతి. కానీ అది మొదట చేయకూడదు. పాల మడ్డి ఉండగా మరిగే నీళ్ళు పోస్తే అందులోని ప్రోటీన్ ఉడికి గోడకి అతుక్కుపోతుంది. పాలు కాచిన గిన్నె అడుగున పట్టే మాడు లాంటిదే, కనిపించనంత పల్చగా ఉంటుంది. మొదటి కడుగుడు గోరువెచ్చని నీళ్ళతో, 35 నుంచి 40 డిగ్రీలు. మరీ చల్లగా ఉంటే కొవ్వు గడ్డకట్టి ఉండిపోతుంది. అందుకే పలమనేరు గారి 2వ అంచెలో "నీటితో" అని వదిలేయకుండా వేడి ఎంతో రాయాలి. "బకెట్‌లో చెయ్యి పెడితే హాయిగా ఉండాలి, చురుక్కుమనకూడదు" అని పక్కన రాస్తే థర్మామీటర్ పాడైన రోజు కూడా పని ఆగదు.

మెకానిక్_మదనపల్లె:
"కరెంటు ఆపి పని చేయవలెను" అన్నారే, దాని గురించి చెప్తా. బీఎంసీలు రిపేర్ చేస్తుంటాను. మీ ప్యానెల్ మీద కనీసం మూడు స్విచ్‌లు ఉంటాయి. కూలింగ్ చేసే కంప్రెసర్, పాలు కలిపే ఎజిటేటర్, సీఐపీ పంపు. కరెంటు ఆపమంటే కొత్తవాడు మెయిన్ దించేస్తాడు. పంపు ఎలా తిరుగుతుంది? తిరగట్లేదని మళ్ళీ మెయిన్ ఎత్తుతాడు, ఆటోలో ఉన్న కంప్రెసర్, ఎజిటేటర్ రెండూ లేస్తాయి. అప్పటికి వాడి చెయ్యి మ్యాన్‌హోల్ లోపల ఉంటే?

కంప్రెసర్ ఎందుకు ఆపాలంటే, లోపల వేడి నీళ్ళు తిరుగుతుంటే కూలింగ్ ఆన్‌లో ఉన్న మెషిన్ మీద లోడ్ విపరీతంగా పడుతుంది. హై ప్రెషర్‌లో ట్రిప్ అవుతుంది, కొన్నాళ్ళకి కంప్రెసరే పోతుంది. ఎజిటేటర్ మాత్రం మనిషి కోసం ఆపాలి. దానికి స్విచ్ ఆపడం చాలదు, ఐసోలేటర్‌కి తాళం వేసి తాళంచెవి చెయ్యి పెట్టేవాడి జేబులో ఉండాలి.

రంగు టేపు అంటించండి. ఎరుపు ఎజిటేటర్, నీలం కంప్రెసర్, పసుపు పంపు. కాగితంలో "ఎరుపు స్విచ్ ఆపి తాళం వేయండి" అని రాయండి. పేర్లతో రాస్తే మొదటి వారం ఎవరికీ గుర్తుండవు.

ఇంకోటి, వేడి కాస్టిక్ అయిన వెంటనే చల్లనీళ్ళు కొట్టేటప్పుడు మ్యాన్‌హోల్ మూత కాస్త తెరిచి ఉండాలి, లేదా గాలి గొట్టం తెరిచి ఉండాలి. లోపలి వేడి గాలి ఒక్కసారిగా చల్లబడితే ట్యాంక్ గోడల్ని లోపలికి లాక్కుంటుంది. పెద్ద ట్యాంకులు సొట్టపోయినవి చూశాను.

ఫార్మా_బాచుపల్లి:
నేను మందుల కంపెనీలో ప్రొడక్షన్‌లో ఉన్నాను. మా దగ్గర ఎస్‌ఓపీ అంటే పద్నాలుగు పేజీలు. మొదటి పేజీలో ఉద్దేశం, పరిధి, బాధ్యతలు, నిర్వచనాలు, డాక్యుమెంట్ నంబర్, ఎవరు తయారు చేశారు, ఎవరు పరిశీలించారు, ఎవరు ఆమోదించారు. ప్రతి అంచె ఎదురుగా చేసినవారి సంతకం, సరిచూసినవారి సంతకం, టైమ్. మీ కాగితంలో ఇవేవీ లేవు. ఆడిట్‌కి నిలబడదు.

పాలకేంద్రం_పలమనేరు:
@ఫార్మా_బాచుపల్లి సార్, మా దగ్గర సాయంత్రం షిఫ్ట్‌లో ఇద్దరే ఉంటారు. పద్నాలుగు పేజీలు గోడకి ఎలా అంటించను? అయినా నంబర్ మాట బాగుంది. మా పాత కాగితాలు మూడు రకాలు మూడు గోడల మీద ఉన్నాయి, ఏది కొత్తదో ఎవరికీ తెలియదు.

ఫార్మా_బాచుపల్లి:
కనీసం అదైనా చేయండి. పైన "2వ ప్రతి, ఫలానా తేదీ నుంచి" అని వేసి, అది అంటించిన రోజే పాత వాటిని చింపేయండి. పాతదీ కొత్తదీ పక్కపక్కన ఉంటే మనుషులు తమకి తేలికైనదే చూస్తారు.

కేంద్రంలో_అక్క:
నేను కడప వైపు ఒక కేంద్రంలో హెల్పర్‌గా చేరి ఇప్పుడు ఆపరేటర్‌గా చేస్తున్నాను. చేరిన కొత్తలో మాకూ గోడ మీద కాగితం ఉండేది. అందులో లేనివి చెప్తాను, అవే మమ్మల్ని ఇబ్బంది పెట్టాయి.

ఒకటి, కరెంటు. కాస్టిక్ తిరుగుతుండగా మధ్యలో కరెంటు పోయింది. ఏం చేయాలి? కాగితంలో లేదు. ఆపరేటర్ అన్న ఫోన్ ఎత్తలేదు. నేను అలాగే వదిలి కూర్చున్నాను. కరెంటు వచ్చాక ఎన్ని నిమిషాలు మిగిలిందో గుర్తులేదు.

రెండు, అవుట్‌లెట్ వాల్వ్. స్ప్రే బాల్ నీళ్ళు గోడలకే కొడతాయి. వాల్వ్ లోపల రబ్బరు రింగు కింద పాలు అలాగే ఉంటాయి, తీసి చూస్తే పసుపు జిగురు, పుల్లటి వాసన. అది తీసి బ్రష్‌తో రుద్దాలని ఎవరూ చెప్పలేదు. డిప్ స్టిక్, మ్యాన్‌హోల్ మూత రబ్బరు కూడా అంతే.

మూడు, అల్యూమినియం క్యాన్లు. మిగిలిన కాస్టిక్ నీళ్ళు పారబోయడం ఎందుకని వాటితో క్యాన్లు కడిగాను. బుడగలు వచ్చి క్యాన్లన్నీ నల్లబడ్డాయి. తిట్లు నాకు పడ్డాయి. ఆ మాట ఏ కాగితంలోనూ లేదు మరి.

క్యూసీ_ఒంగోలు:
అక్కా, మీరు చెప్పిన మూడూ ఆ కాగితంలో ఉండి తీరాలి. కాస్టిక్ అల్యూమినియంని తినేస్తుంది, ఆ బుడగలు హైడ్రోజన్. మూసిన గదిలో, దగ్గర మంట ఉంటే అదొక ప్రమాదం. క్యాన్లకి విడిగా వాషింగ్ సోడా రకం పౌడర్ ఉంటుంది. కొత్తవాడు పొదుపు చేయాలన్న మంచి ఉద్దేశంతోనే చేసే తప్పు ఇది. అలాంటివి ముందే ఊహించి రాయాలి. బకెట్ ప్లాస్టిక్‌ది అని నేను పైన రాసింది కూడా అందుకే.

కరెంటు సంగతి. కాస్టిక్ దశలో కరెంటు పోతే, వచ్చాక ఆ దశని మళ్ళీ మొదటి నుంచి చేయాలి, మిగిలిన నిమిషాలు లెక్కపెట్టకూడదు. నీళ్ళు చల్లబడి ఉంటాయి కాబట్టి పాత లెక్క పనికిరాదు. పాలు వచ్చే టైమ్ దగ్గరపడినా కరెంటు రాకపోతే కాస్టిక్ నీళ్ళు బయటికి వదిలేసి, పైపుతో కడిగి, సూపర్‌వైజర్‌కి ఫోన్ చేయాలి. ఫోన్ ఎత్తకపోతే రెండో నంబర్ ఎవరిదో కాగితం మీదే ఉండాలి. ఆ ట్యాంక్‌లో పాలు పోయాలా వద్దా అన్నది హెల్పర్ తేల్చే విషయం కాదని స్పష్టంగా రాయండి. అప్పుడు వాడి మీద రైతులు అరిచినా "నాకు ఆ అధికారం లేదు, కాగితం చూడండి" అంటాడు.

పలమనేరు గారూ, మీరు అడిగిన "ఎవరి పని" అంటే ఇదే. బాధ్యతలు అని పైన ఒక పేరా రాస్తే ఎవరూ చదవరు. ప్రతి అంచె ముందు హెల్పర్, ఆపరేటర్, సూపర్‌వైజర్ అని వేయండి. "కడగవలెను" అంటే ఎవరు? ఇద్దరూ ఎదుటివాడు చేశాడనుకుంటారు.

పాలకేంద్రం_పలమనేరు:
"బాగా కడగడం అయిపోయిందని ఎలా తెలుస్తుంది" అన్నారు కదా సార్, దానికి ఏం రాయాలి?

క్యూసీ_ఒంగోలు:
ఫినాఫ్తలీన్ చుక్కలు. ల్యాబ్ సామాన్లు అమ్మే షాపులో దొరుకుతుంది, మీ డెయిరీ ల్యాబ్‌లో తప్పకుండా ఉంటుంది, ఎసిడిటీ చూసేది దానితోనే. చివరి కడుగు నీళ్ళు అవుట్‌లెట్ దగ్గర చిన్న గ్లాసులో పట్టి రెండు చుక్కలు వేయండి. గులాబీ రంగు వస్తే కాస్టిక్ ఇంకా ఉన్నట్టు, మళ్ళీ కడగాలి. రంగు రాకపోతే ఆపొచ్చు. మీ బోరు నీళ్ళే కాస్త క్షారంగా ఉంటే అవి కూడా లేత గులాబీ చూపించవచ్చు, అందుకని పక్కన మామూలు బోరు నీళ్ళ గ్లాసు పెట్టి పోల్చమని రాయండి. కొత్తవాడికి దీనికంటే తేలికైన పరీక్ష ఉండదు.

ఇది వదిలేస్తే ఏమవుతుందో చూశాను. ఒక కేంద్రంలో వాల్వ్ దగ్గర కాస్టిక్ నీళ్ళు నిలిచిపోయి తొలి క్యాన్లలో కలిశాయి. డెయిరీలో రోజాలిక్ యాసిడ్ పరీక్షలో న్యూట్రలైజర్ అని చూపించింది. అంటే పులిసిన పాలలో సోడా కలిపారని అనుమానం. కేంద్రం వాళ్ళు ఏమీ కలపలేదు, కానీ నిరూపించుకోవడానికి వాళ్ళ దగ్గర ఒక్క రికార్డూ లేదు.

స్టీమ్_భీమవరం:
మొదటి కడుగు సంగతి ఒప్పుకున్నాను. హైపో మాట ఏమిటి? రాత్రి క్లీనింగ్ అయ్యాక హైపో నీళ్ళు నింపి వదిలేస్తే పొద్దుటికి శుభ్రంగా ఉంటుంది కదా?

క్యూసీ_ఒంగోలు:
వద్దండి. హైపోలోని క్లోరిన్ గంటల తరబడి నిలిస్తే స్టీలుకి కూడా సన్నని గుంతలు పడతాయి, ఆ గుంతల్లో తర్వాత పాలు దాక్కుంటాయి. వేడి నీళ్ళలో ఇంకా ఎక్కువ. రాత్రి ట్యాంక్ ఖాళీ చేసి ఆరనివ్వాలి. హైపో పొద్దున పాలు పోసే ముందు, చల్లటి నీళ్ళలో, తిప్పి, పూర్తిగా వంపేయాలి. 100 పీపీఎం కావాలంటే 100 లీటర్ల నీళ్ళకి 5 శాతం హైపో 200 మిల్లీలీటర్లు. డబ్బా మీద 10 శాతం అని ఉంటే 100. ఎండలో పెట్టిన పాత డబ్బాలో బలం తగ్గిపోతుంది, అందుకే తెరిచిన తేదీ డబ్బా మీద రాయించండి.

కేంద్రంలో_అక్క:
పీపీఎం అని కాగితంలో రాయకండి సార్. ఒక మగ్గు మీద పెయింట్‌తో గీత గీసి "హైపో మగ్గు, ఈ గీత దాకా" అని రాయండి. మా దగ్గర అలాగే ఉంది. డబ్బా బ్రాండ్ మారితే గీత మారుస్తాం.

మెకానిక్_మదనపల్లె:
హైపో, యాసిడ్ రెండు డబ్బాలూ ఒకే అరలో పెట్టిన కేంద్రాలు చాలా చూశాను. యాసిడ్‌లో హైపో కలిస్తే క్లోరిన్ గ్యాస్, చిన్న గదిలో నిలబడలేరు. ఈ హెచ్చరిక అరకే అంటించండి, కాగితం మీద ఒక్కచోటే కాకుండా.

పాలకేంద్రం_పలమనేరు:
అందరి మాటలూ పెట్టి మళ్ళీ రాశాను. చూడండి. 'హె' హెల్పర్, 'ఆ' ఆపరేటర్, 'సూ' సూపర్‌వైజర్.

బీఎంసీ ట్యాంక్ రోజువారీ క్లీనింగ్. 2వ ప్రతి. పాత కాగితాలు చెల్లవు.

⚠ ఏ కారణంతోనైనా తల గానీ ఒళ్ళు గానీ ట్యాంక్ లోపలికి పెట్టకండి. వస్తువు పడితే ఆపరేటర్‌ని పిలవండి.

1. ఆ: ట్యాంక్ ఖాళీ అని మూత తీసి చూడండి. నీలం స్విచ్ ఆపండి. ఎరుపు స్విచ్ ఆపి తాళం వేసి, తాళంచెవి జేబులో పెట్టుకోండి.
2. హె: గోరువెచ్చని నీళ్ళతో (35–40) ట్యాంక్ కడగండి. అవుట్‌లెట్ నుంచి వచ్చే నీళ్ళలో తెలుపు పోయేదాకా.
3. హె: అవుట్‌లెట్ వాల్వ్ విప్పండి. రబ్బరు రింగు, డిప్ స్టిక్, మూత రబ్బరు బ్రష్‌తో రుద్ది కడగండి. వేలు రాస్తే జిడ్డు ఉండకూడదు. మళ్ళీ బిగించండి.

⚠ కళ్ళద్దాలు, పొడవు గ్లోవ్స్, బూట్లు. కుళాయిలో నీళ్ళు వస్తున్నాయా? రాకపోతే ఆపి ఆపరేటర్‌కి చెప్పండి. కాస్టిక్ ఒంటి మీద గానీ కంట్లో గానీ పడితే వెంటనే నీళ్ళతో కనీసం 15 నిమిషాలు కడుగుతూనే ఉండండి, తర్వాత ఆసుపత్రికి. నిమ్మరసం, వెనిగర్ లాంటివి పూయకండి.

4. ఆ: ప్లాస్టిక్ బకెట్‌లో 10 లీటర్ల చల్లటి నీళ్ళలో 1 కిలో కాస్టిక్ కొంచెం కొంచెంగా వేసి కలపండి. 90 లీటర్లు ఉన్న సీఐపీ ట్యాంక్‌లో పోయండి.
5. ఆ: హీటర్, పసుపు స్విచ్ ఆన్. తిరిగి వచ్చే పైపు 65 చూపించాక టైమ్ రాయండి. 10 నిమిషాలు. కరెంటు పోతే వచ్చాక 5వ అంచె మొదటి నుంచి.

⚠ ఈ నీళ్ళతో అల్యూమినియం క్యాన్లు కడగకండి.

6. హె: మ్యాన్‌హోల్ మూత కొంచెం తెరిచి, మంచినీళ్ళతో కడగండి.
7. హె: అవుట్‌లెట్ నీళ్ళలో ఫినాఫ్తలీన్ 2 చుక్కలు. పక్కన బోరు నీళ్ళ గ్లాసుతో పోల్చండి. దానికంటే గులాబీగా ఉంటే 6కి తిరిగి వెళ్ళండి. రంగు రాకపోతే లేదా రెండూ ఒకేలా ఉంటే ఆపరేటర్‌కి చూపించండి.
8. ఆ: ట్యాంక్ వంపేసి మూత కొంచెం తెరిచి ఆరనివ్వండి. రిజిస్టర్‌లో 5వ అంచె టైమ్, 7వ అంచె ఫలితం రాసి సంతకం చేయండి.
9. ఆ: పొద్దున పాలు పోసే ముందు హైపో మగ్గు గీత దాకా, 100 లీటర్ల చల్లటి నీళ్ళలో. తిప్పి, పూర్తిగా వంపేయండి.
10. సూ: పొద్దున మొదటి క్యాన్ పోసే ముందు రిజిస్టర్ చూసి సంతకం చేయండి. అది లేకుండా పాలు పోయకూడదు.

కింద రెండు ఫోన్ నంబర్లు రాశాను. యాసిడ్ వాష్ విడి కాగితం.

క్యూసీ_ఒంగోలు:
చాలా బాగుంది. ఒక్క చోట ఆగాను. తాళం 1లో వేశారు, ఎప్పుడు తీయాలో ఎక్కడా లేదు. పొద్దున పాలు పోశాక ఎజిటేటర్ తిరగదు, పాలు సమంగా చల్లబడవు, మూడు గంటల్లో 4 డిగ్రీలకి రావలసినవి రావు. 9 తర్వాత "మూత బిగించి, తాళం తీసి, ఎరుపు, నీలం స్విచ్‌లు ఆన్" అని ఆపరేటర్ పేరు మీద పెట్టండి.

ఫార్మా_బాచుపల్లి:
ప్రతి అంచెకీ సంతకం పెట్టకపోవడం నాకు నచ్చలేదు. రెండు ఎంట్రీలతో ఏమి తెలుస్తుంది? 3వ అంచెలో వాల్వ్ విప్పాడో లేదో ఎలా?

కేంద్రంలో_అక్క:
సార్, గ్లోవ్స్ తడిగా ఉండగా పది సంతకాలు ఎవరూ పెట్టరు. చివర్లో కూర్చుని అన్నీ ఒకేసారి టిక్కులు పెడతారు. మా దగ్గర వాల్వ్ రింగు తీసి బల్ల మీద పెట్టాలి, ఆపరేటర్ చూశాకే బిగించాలి. సంతకం కంటే అది మేలు.

ఫార్మా_బాచుపల్లి:
ఆపరేటర్ చూశాడనడానికి సాక్ష్యం ఏది? క్యూసీ గారు చెప్పిన కేంద్రం రికార్డు లేకనే కదా ఇరుక్కుంది. ఈ విషయంలో నా మాట మార్చుకోను.

పాలకేంద్రం_పలమనేరు:
బుధవారం అప్‌డేట్. కాగితం ఆ అబ్బాయి చేతికి ఇచ్చి, నేనూ ఆపరేటరూ పక్కన నిలబడి ఏమీ చెప్పకుండా చూశాం. ప్రమాదం ఉన్న చోట మాత్రం ఆపుతామని ముందే చెప్పాం. రెండు చోట్ల ఆగాడు. 2లో "తెలుపు పోయేదాకా" అంటే ఎంతో అర్థం కాలేదు, నురగని కూడా తెలుపు అనుకుని చాలాసేపు నీళ్ళు వదిలాడు. దాన్ని "గాజు గ్లాసులో పడితే అవతలి వేలు స్పష్టంగా కనిపించాలి" అని మార్చాను. 3లో వాల్వ్ విప్పాడు గానీ బిగించేటప్పుడు రింగు తిరగేసి పెట్టాడు, 6లో నీళ్ళు కారాయి. అక్కడ మాటలతో రాయడం నా వల్ల కాలేదు, ఫోన్‌తో ఫోటో తీసి పక్కన అంటించాను. అక్క చెప్పినట్టు రింగు బల్ల మీద పెట్టే పద్ధతి కూడా కలిపాను. ఫార్మా సార్ మాట కూడా తీసేయలేదు, రిజిస్టర్‌లో "రింగు చూశాను" అని ఒక గడి పెట్టాను.

ఇప్పుడు యాసిడ్ కాగితం మిగిలింది. మా బోరు నీళ్ళు బాగా ఉప్పు, పది రోజులకే ట్యాంక్ గోడ మీద తెల్లటి పొర కడుతోంది. నైట్రిక్ వాష్ ఆపరేటర్ ఒక్కడే చేయాలా, హెల్పర్ పక్కన ఉండాలా? ఒక్కడే ఉంటే వాడికి ఏదైనా అయితే చూసేవాళ్ళు ఉండరు. హెల్పర్ ఉంటే కొత్తవాణ్ణి యాసిడ్ దగ్గర నిలబెట్టినట్టు అవుతుంది.

మెకానిక్_మదనపల్లె:
ఉండాలి. గదిలో కాదు, గుమ్మం బయట, చేతిలో నీళ్ళ పైపుతో.

క్యూసీ_ఒంగోలు:
నేను ఒప్పుకోను. మొదటి నెల హెల్పర్ బదులు సూపర్‌వైజర్ వచ్చి నిలబడాలి. వారానికి ఒక్కసారే కదా. డబ్బా ఒలికితే ఏం చేయాలో తెలియనివాడు గుమ్మం దగ్గర ఉన్నా కాపాడదామని లోపలికే పరుగెత్తుతాడు.

పాలకేంద్రం_పలమనేరు:
సూపర్‌వైజర్‌ని నేనే సార్. రెండు కేంద్రాలు చూస్తాను. ఆదివారం సాయంత్రం ఇక్కడికి వచ్చేలా చేసుకుని ఆ రోజే యాసిడ్ వాష్ పెడతాను. నేను రాలేని వారం వాష్ వాయిదా, ఆ మాట కూడా కాగితంలో రాస్తాను. వాయిదా ఎన్ని రోజులదాకా వేయవచ్చో చెప్పగలరా?

క్యూసీ_ఒంగోలు:
మీ నీళ్ళ కాఠిన్యం తెలియకుండా రోజులు చెప్పలేను. డెయిరీ ల్యాబ్‌లో బోరు నీళ్ళు ఒకసారి పరీక్ష చేయించి ఇక్కడ పెట్టండి. ఈలోపు టార్చి వేసి మ్యాన్‌హోల్ బయట నుంచే గోడ చూడండి. తడిగా ఉన్నప్పుడు మెరిసి, ఆరాక సుద్ద పూసినట్టు కనిపిస్తే వాయిదా వేయకండి.